ఒకటే కరెంటు మీటరు, ముగ్గురు అద్దెదార్లు, ఒక ఖాళీ పోర్షన్: బిల్లు దేని ప్రకారం పంచాలి?

శ్రీను_భీమవరం | మే 8, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. భీమవరంలో మూడంతస్తుల బిల్డింగు లెక్కలు నేను చూస్తున్నాను. ఓనరు గారు హైదరాబాదులో ఉంటారు. ఒక్కొక్క అంతస్తు 1,800 చదరపు అడుగులు. కింద రొయ్యల మేత, మందుల షాపు. దాంట్లోనే నాలుగు ఫ్రీజర్లు, చిన్న ల్యాబు కూడా ఉన్నాయి. మొదటి అంతస్తు మొత్తం కోచింగ్ సెంటరు, ఆరు ఏసీలు. రెండో అంతస్తులో సగం ఫైనాన్స్ ఆఫీసు, మిగతా 900 అడుగులు ఆరు నెలలుగా ఖాళీ.

డిపార్ట్‌మెంటు మీటరు ఒక్కటే, ఓనరు గారి పేరు మీద, కమర్షియల్, 20 కిలోవాట్లు. ఇన్నాళ్లూ ఉన్నవాళ్ల మధ్యే అడుగుల లెక్కన పంచాం. షాపుకి 40 శాతం, కోచింగ్‌కి 40, ఫైనాన్స్ ఆఫీసుకి 20. ఏప్రిల్ బిల్లు 47,400 వచ్చింది. ఆ లెక్కన షాపుకి, కోచింగ్‌కి 18,960 చొప్పున, ఫైనాన్స్ వాళ్లకి 9,480 వేసి పంపాను. ఫైనాన్స్ ఆఫీసు మేనేజరు గారు కాగితం నా బల్ల మీద పెట్టి, "రెండు ఫ్యాన్లు, ఒక ఏసీ, నాలుగు కంప్యూటర్లు. దీనికి తొమ్మిదిన్నర వేలా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదండి.

ఫిబ్రవరిలో ముగ్గురికీ సబ్ మీటర్లు పెట్టించాం గానీ ఇంతవరకు వాడలేదు. ఈసారి డిపార్ట్‌మెంటు అబ్బాయి రీడింగు తీసిన రోజే అవీ చూశాను. షాపు 1,150, కోచింగ్ 1,000, ఫైనాన్స్ 350. మొత్తం 2,500. మెయిన్ మీటరేమో 4,000. ఈ 1,500 యూనిట్లు ఎవరి నెత్తిన వేయాలో చెప్పండి.

---

పాలకొల్లు_పోర్షన్ | మే 8, ఉదయం 10:15

మాకూ ఇదే బాధ అండీ. ఇంట్లో రెండు పోర్షన్లు, ఒకటే మీటరు. విడిగా ఉంటే చిన్న స్లాబులో పడేవాళ్లం, కలిపి వాడేసరికి పెద్ద స్లాబులోకి పోతున్నాం. మీరు కూడా సెక్షన్ ఆఫీసుకి వెళ్లి తలా ఒక మీటరు పెట్టించేసుకోండి. పంచుకునే గొడవే ఉండదు.

---

శ్రీను_భీమవరం | మే 8, ఉదయం 10:32

మీది ఇంటి కనెక్షనండి, మాది కమర్షియల్. విడి మీటర్ల మాట ఓనరు గారికి చెప్పి చూస్తాను. అప్పటిదాకా నా చేతిలో ఉన్న బిల్లు పంచాలి కదా.

---

నరసాపురం_బిల్డింగ్ | మే 8, ఉదయం 11:05

ఇంత ఆలోచన ఎందుకు బాబూ? మాకు రెండు కాంప్లెక్సులున్నాయి, పదిహేనేళ్లుగా ఒకటే పద్ధతి. మొత్తం బిల్లుని సబ్ మీటర్ల యూనిట్లతో భాగించు. 47,400ని 2,500తో భాగిస్తే యూనిట్ 18 రూపాయల 96 పైసలు. ఎవరి యూనిట్లు వాళ్లకి దాంతో గుణించి పంపు. పైన యూనిట్‌కి అర్ధ రూపాయి వేసుకో, మోటారు రిపేర్లకి పనికొస్తుంది. మేం అలాగే చేస్తాం, ఇంతవరకు ఎవరూ అడగలేదు.

---

కోనసీమ_లైన్ | మే 8, మధ్యాహ్నం 1:20

పంచడం తర్వాత. ముందు ఆ 1,500 ఎక్కడికి పోతున్నాయో కనుక్కోవాలి. మెయిన్ మీటరులో వందకి ముప్పై ఏడున్నర సబ్ మీటర్లకి అందడం లేదంటే అది వైరింగ్ నష్టం కాదు. చిన్న బిల్డింగులో తీగల నష్టం, మీటర్ల మధ్య తేడా కలిసినా వందకి నాలుగైదు దాటకూడదు. నరసాపురం వారి భాగహారంతో ఈ తేడా మొత్తం కనబడకుండా పోతుంది. తప్పు ఎక్కడుందో తెలియకుండానే అందరి దగ్గరా వసూలైపోతుంది.

నేను డిస్ట్రిబ్యూషన్‌లో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. నేనైతే ఈ వరసలో చూస్తాను.

ముందు కామన్ వాడకం అంచనా వెయ్యండి. మోటారు ఎంత హెచ్‌పీ, రోజుకి ఎన్ని గంటలు? లిఫ్ట్ ఉందా? మెట్ల లైట్లు ఎన్ని?

తర్వాత రాత్రి షాపులు కట్టేశాక ముగ్గురి మెయిన్ స్విచ్‌లు ఆపించండి. మందుల ఫ్రీజర్లున్నాయన్నారు కాబట్టి షాపు వాళ్లకి ముందే చెప్పి పది నిమిషాలకు మించకుండా చూసుకోండి. మోటారు, లిఫ్ట్, మెట్ల లైట్లు కూడా ఆపెయ్యండి. అప్పుడు మెయిన్ మీటరు మీద ఎర్ర దీపం మిణుకుతోందేమో చూడండి. అన్నీ ఆపినా మిణుకుతుంటే మీకు తెలియని లోడు ఏదో నడుస్తోంది. మీటరు ముఖం మీద imp/kWh పక్కన ఒక అంకె ఉంటుంది, యూనిట్‌కి ఎన్ని మిణుకులో అది. నిమిషానికి ఎన్ని మిణుకులో లెక్కపెట్టి 60తో గుణించి ఆ అంకెతో భాగిస్తే ఎన్ని కిలోవాట్లు నడుస్తోందో వచ్చేస్తుంది.

మూడోది, కోచింగ్ సబ్ మీటరు. ఆరు ఏసీల వాళ్లు నాలుగు ఫ్రీజర్ల షాపు కంటే తక్కువ కాల్చారంటే నాకు నమ్మకం కుదరడం లేదు. అది సీటీలు, అంటే పెద్ద కరెంటుని తగ్గించి మీటరుకి ఇచ్చే కాయిళ్లు, పెట్టిన మీటరా? అయితే రీడింగుని దేంతో గుణించారు?

---

శ్రీను_భీమవరం | మే 8, సాయంత్రం 6:50

గురువు గారూ, మోటారు రెండు హెచ్‌పీ, సంప్ నుంచి పై ట్యాంకుకి. కాలవ కట్టేశారు కాబట్టి మున్సిపల్ నీళ్లు వచ్చినప్పుడే పట్టుకోవాలి. ఏప్రిల్‌లో రోజుకి మూడు గంటలు నడిచింది. లిఫ్ట్ ఉంది. మెట్ల దగ్గర పది ఎల్ఈడీలు, 20 వాట్లవి, రాత్రంతా వెలుగుతాయి.

కోచింగ్‌ది సీటీ మీటరే. 50/5 అని రాసి ఉంది. రీడింగుల తేడా 100 వచ్చింది, ఎలక్ట్రీషియను చెప్పినట్టు 10తో గుణించాను.

---

కోనసీమ_లైన్ | మే 8, రాత్రి 8:10

10తో గుణించడం సరే. మోటారు ఒకటిన్నర కిలోవాట్లనుకుంటే మూడు గంటలు, ముప్పై రోజులకి 135 యూనిట్లు. మెట్ల లైట్లు 72. లిఫ్ట్‌కి 120 అనుకుందాం. అంతా కలిపి 330 లోపే. ఇంకా 1,170 మిగిలింది.

కోచింగ్‌లో ఏసీలు నడిచే టైములో ఎలక్ట్రీషియన్ని క్లాంప్ మీటరుతో రమ్మనండి. మూడు ఫేజుల్లో ఒక్కొక్కదాంట్లో ఎంత కరెంటు పోతోందో కొలిచి, సబ్ మీటరు చూపించే మూడు అంకెలతో పోల్చమనండి. ఒక ఫేజుకి సున్నా చూపిస్తుంటే ఆ సీటీ తీగ ఊడిపోయింది. మూడు ఫేజులూ సమానంగా లాగుతుంటే మీటరు మూడింట రెండు వంతులే రాస్తుంది. ఒక జాగ్రత్త. లోడు మీద ఉండగా సీటీ తీగలు విప్పకూడదు, వాటి చివర్ల దగ్గర ప్రాణం తీసేంత ఓల్టేజీ లేస్తుంది. కోచింగ్ మెయిన్ ఆపి, తెలిసినవాడి చేతే చేయించండి. డిపార్ట్‌మెంటు మీటరు సీలు జోలికి మాత్రం ఎవరూ పోవద్దు.

---

రత్నకుమారి_కాకినాడ | మే 8, రాత్రి 9:25

లైన్ గారు చెప్పింది అయ్యాక పంపకం గురించి రాస్తాను. నేను కాస్ట్ అకౌంటెంట్‌ని, ఇదే నా రోజువారీ పని. ఒక్క మాట మాత్రం ఇప్పుడే చెప్పాలి, నరసాపురం వారు పొరపాటు పడకూడదు.

యూనిట్‌కి అర్ధ రూపాయి అదనంగా వేయడం మంచిది కాదండి. మీరు జీఎస్టీలో రిజిస్టర్ అయి ఉంటే షాపు అద్దె మీద 18 శాతం వేస్తారు. డిస్కం వేసిన మొత్తాన్నే, పైసా కలపకుండా అద్దెదారు దగ్గర తీసుకుంటే ఆ కరెంటు సొమ్ము మీద జీఎస్టీ పడదు. 2023 అక్టోబరు 31న వచ్చిన 206 నంబరు సర్క్యులర్‌లో ఇది ఉంది. దాని ప్రకారం ఓనరు అప్పుడు కేవలం చెల్లింపు మధ్యవర్తి. అదే కరెంటుని అద్దెతో కలిపి ఇచ్చే సేవగా చూస్తే విడిగా బిల్లు రాసినా అద్దె రేటే దానికీ పడుతుంది. పైన అర్ధ రూపాయి పడగానే "డిస్కం వేసినంతే" అన్న మాట మీరు చెప్పలేరు. ఆ అర్ధ రూపాయి కోసం మొత్తం కరెంటు సొమ్ము మీద 18 శాతం ప్రశ్న తెచ్చుకోవడం నష్టం. మోటారు రిపేరుకి డబ్బులు కావాలంటే మెయింటెనెన్స్ అని విడిగా తీసుకోండి, దాని మీద పన్ను కట్టండి.

---

నరసాపురం_బిల్డింగ్ | మే 8, రాత్రి 10:02

ఇది నాకు తెలియదమ్మా. మా ఆడిటర్ని అడుగుతాను. కానీ యూనిట్ల మీద పంచడం తప్పంటే మాత్రం ఒప్పుకోను. ఎవరు కాల్చింది వాళ్లే కట్టాలి.

---

రత్నకుమారి_కాకినాడ | మే 8, రాత్రి 10:20

ఆ మాటలో మీరు రైటే. యూనిట్లతో పెరిగే ఖర్చుకి యూనిట్లే సరైన కొలత. బిల్లులో ప్రతి గీతా యూనిట్లతో పెరగదు, నేను చెప్పేది అంతే.

---

తణుకు_షోరూం | మే 9, ఉదయం 8:45

మా కథ వేరు గానీ ఇక్కడ చెప్పొచ్చనిపించింది. బట్టల షోరూం, ఒకటే ఓనరు. చీరలు, రెడీమేడ్, టైలరింగ్, గోడౌన్ అని నాలుగు డిపార్ట్‌మెంట్లు. నెల అద్దెని అడుగుల లెక్కన నాలుగింటికీ పంచి, దాన్ని బట్టే లాభం చూసి మేనేజర్లకి బోనస్ ఇస్తారు. రోడ్డు మీదికి కనబడే చీరల సెక్షన్ అడుగూ, వెనక చీకటి గోడౌన్ అడుగూ ఒకటేనా? గోడౌన్ మేనేజరు పోయినేడు సగం జాగా "నాకు అక్కర్లేదు" అని రాసిచ్చేశాడు. అతని అద్దె తగ్గింది, మా ముగ్గురికీ పెరిగింది. బిల్డింగు ఓనరుకి కట్టే అద్దెలో మాత్రం ఒక్క రూపాయీ తగ్గలేదు. ఖాళీ చేసిన జాగా ఖాళీగానే ఉంది.

---

రత్నకుమారి_కాకినాడ | మే 9, ఉదయం 9:30

తణుకు గారూ, మీ గోడౌన్ సంగతి శ్రీను గారి ఖాళీ పోర్షన్ లాంటిదే. ఎవరూ వాడని జాగాని భాగహారంలోంచి తీసేస్తే దాని భారం మిగతావాళ్ల మీద పడుతుంది. మీ దగ్గర ఆ ఖాళీ జాగా అద్దెని ఏ డిపార్ట్‌మెంటుకీ వేయకుండా హెడ్ ఆఫీసు ఖాతాలో ఉంచాలి. అలా ఉంచితే ఖాళీగా పెట్టినందుకు నెలకి ఎంత పోతోందో ఓనరుకి కంటికి కనబడుతుంది. ఇక రోడ్డు వైపు అడుగుకి, వెనక అడుగుకి వేర్వేరు బరువులు ఉండాలి. మీ వీధిలో ముందు భాగాలు, వెనక గదులు విడివిడిగా ఎంత అద్దెకి పోతున్నాయో కనుక్కుని ఆ నిష్పత్తి వాడండి. చీరల మేనేజరు ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను.

---

శ్రీను_భీమవరం | మే 11, రాత్రి 11:15

రెండు పరీక్షలూ అయ్యాయి.

ఈ రాత్రి తొమ్మిదిన్నరకి అన్నీ ఆపాం. మీటరు మీద 1600 imp/kWh అని ఉంది. అన్నీ ఆపినా దీపం నిమిషానికి 43 సార్లు మిణికింది. 43ని 60తో గుణించి 1600తో భాగిస్తే 1.6 కిలోవాట్లు. బోర్డులో మిగిలిన స్విచ్‌లు ఒక్కొక్కటే దించుకుంటూ పోతే ఒకటి దించగానే డాబా మీద చీకటి పడింది. అది హోర్డింగ్ అండీ! అడ్వర్టయిజ్‌మెంటు బోర్డుకి 400 వాట్ల ఫ్లడ్ లైట్లు నాలుగు. రాత్రికి పది గంటలు వెలుగుతాయి. నెలకి 480 యూనిట్లు. దాని అద్దె ఓనరు గారికే వస్తుంది. మూడేళ్లుగా దాని కరెంటు ముగ్గురు అద్దెదార్లూ కడుతున్నారు. నాకు చాలా బాధేసింది, వాళ్లకి బిల్లు రాసి పంపింది నేనే కదా.

కోచింగ్ మీటరు సంగతి కూడా లైన్ గారు చెప్పినట్టే అయింది. క్లాంప్‌లో మూడు ఫేజులూ 15, 14, 15 ఆంపియర్లు. మీటరులో మధ్య ఫేజు సున్నా. ఎలక్ట్రీషియను మెయిన్ ఆపి తీగ బిగించాడు.

1,000ని ఒకటిన్నరతో గుణించి 1,500 చేస్తే ఇలా వచ్చింది. షాపు 1,150, కోచింగ్ 1,500, ఫైనాన్స్ 350, హోర్డింగ్ 480, మోటారు లిఫ్టు మెట్లు 330. ఇంకా 190 లెక్కకి రాలేదు.

---

కోనసీమ_లైన్ | మే 12, ఉదయం 6:30

190 అంటే నాలుగు వేలకి అయిదు శాతం లోపు. లిఫ్ట్‌కి మనం వేసింది ఊహే, ఇది అందులోదే కావచ్చు. కామన్ లైన్‌కి కూడా ఒక సబ్ మీటరు పెట్టించండి. అది ఉంటే తప్ప ఈ 330, ఈ 190 వేరు చేసి చెప్పలేం. హోర్డింగ్‌ని ఆ మీటరు మీద కలపొద్దు, దానికి విడిగా పెట్టండి.

---

రత్నకుమారి_కాకినాడ | మే 12, మధ్యాహ్నం 12:10

ఇక పంపకం. శ్రీను గారూ, బిల్లు గీతలు విడివిడిగా రాయండి.

---

శ్రీను_భీమవరం | మే 12, మధ్యాహ్నం 12:40

ఎనర్జీ చార్జీలు 39,900. ఫిక్స్‌డ్ చార్జీలు 1,500. ఎలక్ట్రిసిటీ డ్యూటీ 4,000. కస్టమర్ చార్జీలు 50. పాత నెలల వాడకానికి డిస్కం ఇప్పుడు వసూలు చేసే ట్రూ అప్ 1,950.

---

రత్నకుమారి_కాకినాడ | మే 12, మధ్యాహ్నం 3:05

ఒక్కొక్క గీత చూసి, అది దేనివల్ల పెరుగుతుంది అని అడగండి. దాన్ని పెంచేదే దాని కొలత.

ఎనర్జీ చార్జీ, డ్యూటీ యూనిట్లతో పెరుగుతాయి. రెండూ కలిపి 43,900, నాలుగు వేలతో భాగిస్తే యూనిట్ 10.975. ఇక్కడ మెయిన్ మీటరు యూనిట్లతోనే భాగించాలి. సబ్ మీటర్ల మొత్తంతో భాగించారో, హోర్డింగ్ మళ్లీ అద్దెదార్ల మీదికే పోతుంది. షాపుకి 12,621, కోచింగ్‌కి 16,462, ఫైనాన్స్‌కి 3,841, హోర్డింగ్ కింద ఓనరు గారికి 5,268. కామన్, లెక్కకి రానివి కలిపి 520 యూనిట్లు, వాటికి 5,707.

ఆ 5,707ని అడుగుల ప్రకారం పంచవచ్చు గానీ ఖాళీ పోర్షన్‌ని కూడా లెక్కలో ఉంచాలి. మొత్తం 5,400 అడుగుల మీద పంచితే షాపుకి, కోచింగ్‌కి 1,902 చొప్పున, ఫైనాన్స్‌కి 951, ఖాళీ పోర్షన్‌కి 951. ఆ చివరిది ఓనరు గారిది. ఖాళీగా ఉన్నా ఆ మెట్లు వెలగాల్సిందే, అద్దెకి చూడ్డానికొచ్చినవాళ్లు ఆ లిఫ్ట్ ఎక్కాల్సిందే.

ఫిక్స్‌డ్ చార్జీ యూనిట్లతో పెరగదు, మీరు రాయించుకున్న 20 కిలోవాట్ల మీద పడుతుంది. ఒక నెలంతా తాళం వేసినా వస్తుంది. దాన్ని ఎవరి సామాను ఎన్ని కిలోవాట్లో చూసి పంచండి. షాపు 4, కోచింగ్ 10, ఫైనాన్స్ 2, మిగతా 4 ఓనరు గారివి అనుకుంటే 300, 750, 150, 300. మీ బిల్లులో ఇది చిన్న గీత. అదే ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలాంటి హెచ్‌టీ కనెక్షన్లలో డిమాండ్ చార్జీ లక్షల్లో ఉంటుంది, గొడవంతా దాని దగ్గరే. కస్టమర్ చార్జీ 50ని నలుగురికీ సమానంగా వేయండి.

ట్రూ అప్‌ని పక్కన పెట్టి మిగతా 45,450 ఇలా వస్తుంది. షాపు 14,836. కోచింగ్ 19,127. ఫైనాన్స్ 4,955. ఓనరు గారు 6,532. కూడితే సరిగ్గా 45,450.

ఎక్సెల్‌లో రూపాయికి సవరించినప్పుడు మొత్తం ఒక రూపాయి అటూ ఇటూ అవుతుంది. ముగ్గురు అద్దెదార్లకీ సవరించి, మిగిలింది ఓనరు వరసలో పెట్టండి. పంచాల్సిన గీత F1లో, కొలతలు B2 నుంచి B5 వరకు ఉంచండి. ఎనర్జీ, డ్యూటీలకైతే F1లో 43,900 కాదు, కామన్ 5,707 తీసేసిన 38,193 పెట్టండి:

```
C2:  =ROUND($F$1*B2/SUM($B$2:$B$5),0)
C5:  =$F$1-SUM(C2:C4)
```

C2ని C4 దాకా లాగండి. C5 ఓనరు గారిది.

---

అద్దెకున్న_అమలాపురం | మే 12, సాయంత్రం 5:30

నేను క్లినిక్ నడుపుతాను, అద్దె మనిషి వైపు నుంచి రెండు మాటలు. మా ఓనరు గారు నాకు ఒక అంకె మాత్రమే పంపేవారు. డిస్కం బిల్లు ఫోటో, నా సబ్ మీటరు పాత, కొత్త రీడింగుల ఫోటోలు కలిపి పంపమని అడిగాను. అప్పటినుంచి మా మధ్య తగాదా లేదు. శ్రీను గారు ఆ మూడూ జతచేస్తే ఎంత బావుంటుందో.

రెండోది, కింద షాపు వాళ్లు లిఫ్ట్ ఎక్కరు. లిఫ్ట్ కరెంటులో మూడో వంతు వాళ్ల మీద ఎందుకు వేశారు?

---

రత్నకుమారి_కాకినాడ | మే 12, సాయంత్రం 6:15

మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. లిఫ్ట్‌కి విడి మీటరు ఉంటే పై అంతస్తుల వాళ్ల మీదే వేస్తాను. ఇప్పుడది 120 యూనిట్ల ఊహ మాత్రమే. దాని మూడో వంతు సుమారు 440 రూపాయలు. ఆ మాటకొస్తే మోటారు నీళ్లు ఎక్కువ వాడేది రెండు వందల మంది పిల్లలున్న కోచింగ్. అడుగులతో పంచడం ఇద్దరికీ పూర్తి న్యాయం కాదు. అద్దె ఒప్పందంలో ఏది రాసుకుంటే అది.

---

శ్రీను_భీమవరం | మే 14, మధ్యాహ్నం 2:20

ఈ లెక్క ముగ్గురికీ చూపించాను. ఫైనాన్స్ మేనేజరు గారు కాగితం రెండుసార్లు చదివి వెంటనే డబ్బులు పంపేశారు. 9,480 నుంచి 4,955కి వచ్చింది మరి. షాపు వాళ్లు లిఫ్ట్ గురించి అమలాపురం గారు అడిగినట్టే అడిగారు గానీ ఈ నెలకి కట్టారు.

కోచింగ్ సారు మాత్రం ఒప్పుకోలేదు. "మధ్య ఫేజు మీద రెండు ఏసీలూ కొత్త ఇన్వర్టరువి, తక్కువ లాగుతాయి. మిగతా ఫేజుల మీద పాత ఏసీలు, ఫ్యాన్లు, ప్రొజెక్టర్లు ఉన్నాయి. ఒకటిన్నరతో గుణించడం ఏ లెక్క?" అన్నారు. ఆయన మాటలోనూ నిజం ఉందనిపించింది.

---

కోనసీమ_లైన్ | మే 14, సాయంత్రం 4:45

ఉంది. ఒకటిన్నర అన్నది మూడు ఫేజులూ నెలంతా సమానంగా నడిస్తేనే. క్లాంప్‌తో చూసింది ఒక్క క్షణం, గదులింకా చల్లబడక ముందు. ఇన్వర్టరు ఏసీ గది చల్లబడ్డాక బాగా తగ్గిపోతుంది. తీగ బిగించారు కదా, మే నెల రీడింగు సరిగ్గా వస్తుంది. మూడు ఫేజుల యూనిట్లు విడివిడిగా చూపించే మీటరైతే ఇంకా మంచిది, మధ్య ఫేజు వాటా ఎంతో చూసి ఏప్రిల్‌ని సవరించండి. మేలో సెలవులు వస్తే మాత్రం వాడకం ఏప్రిల్‌లా ఉండదు, కాబట్టి మొత్తం యూనిట్లు పోల్చొద్దు, ఫేజుల నిష్పత్తి ఒక్కటే తీసుకోండి.

---

నరసాపురం_బిల్డింగ్ | మే 14, రాత్రి 8:30

నిన్న రాత్రి మా పెద్ద కాంప్లెక్సులో దీపం లెక్కపెట్టించాను. అన్నీ ఆపాక నిమిషానికి 11 మిణుకులు, మీటరు మీద 800. అంటే 0.8 కిలోవాట్లు. ఇంకా ఏమిటో దొరకలేదు. పక్కింటి బోరు మోటారు లైను మా బోర్డులోంచి వెళ్లిందేమోనని అనుమానం. ఆదివారం ఎలక్ట్రీషియను వస్తున్నాడు.

ఇంకో సంగతి. శ్రీను, ఫైనాన్స్ వాళ్లకి యూనిట్ దాదాపు పదకొండు పడింది. విడి మీటరు ఉంటే 350 యూనిట్లకి కింది స్లాబులు మొత్తం వాళ్లకే దక్కేవి కదా. ఇందాక పాలకొల్లు ఆయన చెప్పింది అదే.

---

రత్నకుమారి_కాకినాడ | మే 14, రాత్రి 9:10

నిజమే, పాలకొల్లు గారికి మేం సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇళ్ల స్లాబులు వేరు గానీ శ్రీను గారి బిల్లులోనూ మొదటి కొన్ని వందల యూనిట్లు తక్కువ రేటువే. నాలుగు వేలలో అవి కలిసిపోయి సగటు ఎనర్జీ రేటు రూపాయలు 9.975 అయింది. ఫైనాన్స్ వాళ్ల 350 యూనిట్లకి ఆ సగటుతో 3,491. అదే స్లాబులు వాళ్లకి విడిగా వేసి చూస్తే 2,950 దగ్గర. నెలకి అయిదు వందల పైచిలుకు తేడా. కానీ కింది స్లాబుల లాభం అంతా వాళ్లకే ఇస్తే మిగతా ముగ్గురి రేటు పెరుగుతుంది. ఒక మీటరు మీద ఉన్నంతకాలం సగటే నేను వాడతాను. వాళ్లకి విడి కనెక్షన్ తీసుకునే వీలుంటే అదే మంచిది. అప్పుడు ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, డిపాజిట్ వాళ్లవి వాళ్లకే పడతాయి, అవీ కలిపి చూసుకోమనండి.

---

శ్రీను_భీమవరం | మే 15, ఉదయం 10:05

ఓనరు గారితో మాట్లాడాను. హోర్డింగ్, కామన్ లైన్‌లకి రెండు సబ్ మీటర్లకి ఒప్పుకున్నారు. ఫ్లడ్ లైట్లు ఎల్ఈడీకి మార్చమని అడ్వర్టయిజ్‌మెంటు వాళ్లకి చెబుతానన్నారు. ఇన్నాళ్లూ అద్దెదార్లు కట్టిన హోర్డింగ్ కరెంటు తిరిగి ఇవ్వాలా అని అడిగాను. "చూద్దాం" అన్నారు. నేను మాత్రం మూడేళ్ల బిల్లులు బయటికి తీసి నెలనెలా రాస్తున్నాను.

ఆ ట్రూ అప్ 1,950 ఇంకా నా దగ్గరే ఉంది. అది పాత నెలల వాడకం మీద పడింది. అప్పట్లో మొదటి అంతస్తులో రెడీమేడ్ షాపు ఉండేది, వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. అప్పటికి సబ్ మీటర్లు కూడా లేవు. కోచింగ్ సారు "నేను అప్పుడు లేనే లేను" అంటున్నారు.

---

రత్నకుమారి_కాకినాడ | మే 15, ఉదయం 11:30

ఆయన కట్టక్కర్లేదు. ఆ వాడకం ఆయనది కాదు. వెళ్లిపోయిన షాపు వాటా వాళ్ల డిపాజిట్ తిరిగి ఇచ్చేముందు పట్టుకోవాల్సింది, ఇప్పుడది ఓనరు గారి మీదే. ఇప్పటి షాపు, ఫైనాన్స్ అప్పుడూ ఉంటే వాళ్ల వాటా వాళ్లది. కొలత ఏమిటంటారా, అప్పటి సబ్ మీటరు యూనిట్లు లేవు కాబట్టి ఇప్పటి షాపు, ఫైనాన్స్ యూనిట్లని ఆధారం చేసుకుని ఒక అంచనా వేసి, ఇద్దరి సంతకం తీసుకోండి. సంతకం లేకుండా అంచనా మీద వసూలు చేయొద్దు.

ఇక నుంచి ఎవరు ఖాళీ చేసినా, ఆఖరి రోజు సబ్ మీటరు రీడింగుతో పాటు, వాళ్లున్న నెలల యూనిట్ల జాబితా ఒకటి సంతకం పెట్టించి దాచండి. ట్రూ అప్ తర్వాత ఎప్పుడొచ్చినా ఎవరి వాటా ఎంతో చెప్పడానికి అదొక్కటే ఆధారం.

---

అద్దెకున్న_అమలాపురం | మే 15, మధ్యాహ్నం 12:15

డిపాజిట్‌లోంచి రాబోయే ట్రూ అప్ పేరుతో ఎంత పట్టుకుంటారు మేడం? ఎంత వస్తుందో అప్పటికి తెలియదు కదా. నా మాజీ ఓనరు ఆ పేరు చెప్పి ఏడాది నుంచి ఇరవై వేలు ఆపేశారు.

---

రత్నకుమారి_కాకినాడ | మే 15, మధ్యాహ్నం 1:40

దానికి నా దగ్గర ఖచ్చితమైన అంకె లేదు. నేను రాయించే ఒప్పందాల్లో మాత్రం ఆఖరి పన్నెండు నెలల యూనిట్లకి మించి ఏదీ ఆపకుండా, యూనిట్‌కి ఇంత అని, ఫలానా తేదీలోపు తిరిగి ఇవ్వాలని రాయిస్తాను. మీ ఒప్పందంలో ఏం రాసి ఉందో చూసి చెప్పండి.

---

శ్రీను_భీమవరం | జూన్ 7, ఉదయం 9:50

మే రీడింగులు వచ్చాయి. కామన్ మీటరు, హోర్డింగ్ మీటరు మే 20న పెట్టారు కాబట్టి వాటికి పూర్తి నెల లేదు. కోచింగ్‌లో మధ్య ఫేజు వాటా మొత్తంలో 28 శాతం వచ్చింది. ఏప్రిల్‌లో మీటరు రాసిన 1,000 మిగతా 72 శాతం అనుకుంటే అసలు వాడకం 1,389. అంటే కోచింగ్ సారు మీద 111 యూనిట్లు ఎక్కువ వేశాను. ఆయన సొంత వాడకం కింద యూనిట్‌కి 10.975 చొప్పున 1,218 రూపాయలు ఈ నెల బిల్లులో తగ్గిస్తున్నాను.

కానీ ఆ 111 ఇప్పుడు లెక్కకి రాని 190లో కలిసి 301 అయింది. లైన్ గారూ, ఏడున్నర శాతం అండీ. షాపు సబ్ మీటరు కూడా చూడమంటారా?

---

కోనసీమ_లైన్ | జూన్ 7, ఉదయం 11:10

చూడండి. అంతకంటే ముందు కామన్ మీటరు పది రోజుల అంకె నాకు పంపండి, లిఫ్ట్ ఊహ ఎంత తప్పో తేలిపోతుంది.